గార్డియన్ ఉన్నా ట్రస్టు ఎందుకు

"ఆటిజం వంటి వైకల్యం ఉన్న బిడ్డకు గార్డియన్ సర్టిఫికెట్ ఉంటే చాలు, విడిగా ట్రస్టు అక్కర్లేదు కదా?"

చాలదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ నియమించే గార్డియన్, ఆ వ్యక్తి బాగోగులు చూసుకున్నా, ఆస్తి విషయంలో మాత్రం అతని పేరున ఉన్నదాన్నే చూసుకుంటారు. 6 నెలల్లో స్థిరాస్తి జాబితా కూడా ఇవ్వాలి.

కూకట్‌పల్లిలో స్వార్జిత ఫ్లాటున్న హిందూ తండ్రి వీలునామా రాయకుండా మరణించి, భార్య, కూతురు, ఆటిజం ఉన్న కుమారుడు మాత్రమే వారసులుగా మిగిలారనుకుందాం. ముగ్గురికీ మూడో వంతు చొప్పున వస్తుంది (వైకల్యం వల్ల వాటా పోదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది). అయితే కుమారుడి వాటా నేరుగా అతనికే వెళుతుంది, తండ్రి అంతకుముందే ట్రస్టు పెట్టి ఉన్నా అందులోకి చేరదు. అందుకే ఫ్లాటును ట్రస్టుకు వీలునామాలో రాయాలి, లేదా బతికుండగానే రిజిస్టర్డ్ దస్తావేజుతో బదిలీ చేయాలి. తొలి ట్రస్టీ తర్వాత ఎవరన్నదీ ట్రస్టు పత్రంలోనే ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే.