ఎలక్ట్రాన్‌ని ఎవరూ నెట్టలేదు

హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం అంటే ఏమిటని ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. ఎలక్ట్రాన్ ఎక్కడుందో మైక్రోస్కోప్‌లో చూడాలంటే దాని మీద కాంతి పడాలి, కాంతి తగిలితే అది పక్కకి ఎగిరిపోతుంది, స్థానం తెలిసేలోపే దాని ద్రవ్యవేగం మారిపోతుంది, అందుకే రెండూ కచ్చితంగా తెలియవు. పరీక్షలో నేనూ ఇదే రాశాను, ఫుల్ మార్కులు వేశారు. ఆ నియమం రుజువులో కాంతీ లేదు, తగలడమూ లేదు, అసలు కొలవడమనే మాటే రాదు అని తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత. ఆ మార్కులు వెనక్కి ఇమ్మంటే ఇప్పుడైనా ఇచ్చేస్తాను.

ఈ కథని 'పిల్లలకి అర్థమయ్యేలా తేలిక చేసి చెప్పడం' అని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తేలిక చేయడం వేరు, అడిగిన ప్రశ్న వదిలేసి ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పడం వేరు.

నియమం ఇది: σx·σp ≥ ħ/2. ఇందులో x స్థానం, p ద్రవ్యవేగం, ħ అంటే ప్లాంక్ స్థిరాంకం hని 2πతో భాగిస్తే వచ్చే అతి చిన్న అంకె. పాఠ్యపుస్తకాల్లో ఉండే ఈ రూపాన్ని 1927లో రుజువు చేసింది హైసెన్‌బర్గ్ కాదు, కెనార్డ్ అనే భౌతికశాస్త్రవేత్త. హైసెన్‌బర్గ్ అదే ఏడాది రాసిన వ్యాసంలో ఉన్నది సుమారు అంచనా. ఇందులో కీలకమంతా ఆ σ దగ్గరే ఉంది. అది పరికరం చేసే తప్పు కాదు, కొలతకీ కొలతకీ మధ్య కదిలిన దూరమూ కాదు. ఒకేలా తయారు చేసిన బోలెడన్ని ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా కొలిస్తే వచ్చే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క, అంటే స్టాటిస్టిక్స్‌లో చదువుకున్న ప్రామాణిక విచలనమే.

ఇక్కడ కాస్త ఆగి, నియమం చెబుతున్న ప్రయోగాన్ని నిజంగా చేస్తున్నట్టు ఊహించుకోండి. ఒకే పద్ధతిలో, ఏ తేడా లేకుండా, 20,000 ఎలక్ట్రాన్లు తయారు చేశాం. వాటిని రెండు గుంపులు చేద్దాం. మొదటి 10,000కి స్థానం మాత్రమే కొలుస్తాం, కొలిచాక వాటితో పనిలేదు, పారేస్తాం. రెండో 10,000కి ద్రవ్యవేగం మాత్రమే కొలుస్తాం, వాటి స్థానం జోలికే పోం. మొదటి గుంపు ఫలితాలు 1 ఆంగ్‌స్ట్రామ్ మేర, అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు మేర చెదిరి ఉన్నాయనుకుందాం. అప్పుడు రెండో గుంపు ద్రవ్యవేగాల్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే వేగాల్లో చెదురు సెకనుకి సుమారు 580 కిలోమీటర్ల కంటే తక్కువ ఉండదు. నియమం చెప్పేది ఇదే, ఇంతే.

ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరిని కదిలించారు? ఏ ఎలక్ట్రాన్‌నీ రెండుసార్లు కొలవలేదు. ద్రవ్యవేగం కొలిచిన ఎలక్ట్రాన్ల స్థానాన్ని చూడడానికి ఎవరూ కాంతి వేయలేదు. మొదటి గుంపుని ఒక ప్రయోగశాలలోనూ రెండోదాన్ని ఇంకో ఊళ్లో, ఇంకో ఏడాదిలోనూ కొలిచినా అంకెలు మారవు. ఆ గుంపు మీద పడిన కాంతి ఈ గుంపుని నెట్టిందని అనాలంటే చాలా ధైర్యం కావాలి.

అయినా అనుమానం తీరనివాళ్ల కోసం ఒక పరీక్ష ఉంది. తప్పు పరికరానిదే అయితే పరికరాన్ని మెరుగుపరిస్తే చెదురు తగ్గాలి కదా. వేగాన్ని సెకనుకి 1 కిలోమీటరు కచ్చితత్వంతో చెప్పే పరికరం పెట్టండి, చెదురు 580 కంటే కిందికి దిగదు. దానికంటే పది రెట్లు మంచిది తెచ్చినా దిగదు. ఒక్కో అంకె ఇంకా స్పష్టంగా వస్తుంది గానీ అంకెల మధ్య దూరం అలాగే ఉంటుంది. అదే పరికరాన్ని ముట్టుకోకుండా ఎలక్ట్రాన్లని తయారు చేసే తీరు మార్చి, వాటిని అర ఆంగ్‌స్ట్రామ్‌కి బిగించారనుకోండి, వేగాల చెదురు కనీస హద్దు 1,160కి ఎగబాకుతుంది. కొలిచే చోట మార్చితే కదలని అంకె తయారు చేసే చోట మార్చితే కదులుతోందంటే, కారణం ఎక్కడుందో వేరే చెప్పాలా?

మరి ఎందుకిలా? దీనికి క్వాంటం సిద్ధాంతం మొత్తం అక్కర్లేదు, శబ్దం చాలు. సెకనుకి 440 కంపనాల స్వరాన్ని సెకనులో వందో వంతు సేపు మాత్రమే వినిపిస్తే, అందులో నాలుగున్నర కంపనాలు కూడా పట్టవు. చెవికి అది స్వరంలా కాదు, టక్కుమన్న చప్పుడులా వినిపిస్తుంది. అంత చిన్న శబ్దానికి ఒకే శ్రుతి అనేది ఉండదు, దాన్ని కట్టాలంటే 440కి అటూ ఇటూ ఉన్న ఎన్నో పౌనఃపున్యాల్ని కలపాలి. శ్రుతి అస్పష్టంగా ఉందేమిటని మైక్‌ని తిట్టేవాళ్లని నేనింతవరకు చూడలేదు.

ఎలక్ట్రాన్ సంగతీ అదే. దాని ద్రవ్యవేగం తరంగదైర్ఘ్యంతో ముడిపడి ఉంది, p = h/λ. ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న అల ఎక్కడా మొదలవదు, ఎక్కడా ఆగదు, దానికి 'ఇక్కడ' అనే చోటు లేదు. అలని ఒక చోటికి కుదించాలంటే రకరకాల తరంగదైర్ఘ్యాలు కలపాల్సిందే, అంటే రకరకాల ద్రవ్యవేగాలు కలిపినట్టే. ఎంత బిగిస్తే అన్ని ఎక్కువ కలపాలి. కెనార్డ్ రుజువులోని సారం ఇదే. అలల గణితం ముందే ఉంది, కొత్తగా వచ్చిందల్లా ఎలక్ట్రాన్ కూడా ఆ గణితానికి కట్టుబడుతుందన్న సంగతే.

ఎవరూ చూడనప్పుడు కూడా ఇది పనిచేస్తుందనడానికి హైడ్రోజన్ పరమాణువే సాక్ష్యం. కేంద్రకం ఎలక్ట్రాన్‌ని లాగుతూనే ఉంటుంది, మరి వెళ్లి అందులో పడిపోదేం? దగ్గరికి కుదించేకొద్దీ ద్రవ్యవేగాల చెదురు పెరుగుతుంది, దాంతో గతిశక్తి పెరుగుతుంది. ఆ ఖర్చూ ఆకర్షణ వల్ల వచ్చే లాభమూ సరితూగే చోటు 0.53 ఆంగ్‌స్ట్రామ్. ఆ కనిష్ఠ శక్తి స్థితిలో ఒక దిశలో లెక్క కడితే σx·σp విలువ 0.577ħ వస్తుంది, హద్దు 0.5ħ కంటే కొంచెమే ఎక్కువ. మైక్రోస్కోప్ పుట్టకముందు నుంచీ పరమాణువుకి ఆ సైజు ఉంది. నెట్టుడు కథ దీనికేం చెబుతుంది?

సరే, అవతలి పక్షం మాట కూడా వినాలి. కొలత వల్ల కలతే లేదని నేననడం లేదు, ఉంది. హైసెన్‌బర్గ్ 1927లో మొదలుపెట్టింది కూడా ఆ కోణం నుంచే. కానీ అది వేరే సంబంధం, దానికి వేరే గణితం ఉంది, అదింకా వాదనలోనే ఉంది. 2003లో జపాన్ శాస్త్రవేత్త ఒజావా, కొలతలో వచ్చే దోషానికీ కొలత వల్ల కలిగే కలతకీ మధ్య కొత్త సూత్రం ఇచ్చాడు. 2012లో వియన్నాలో న్యూట్రాన్లతో, టొరంటోలో ఫోటాన్లతో చేసిన ప్రయోగాలు ఆ రెండింటి లబ్ధం పాత హద్దు కంటే కిందికి పోగలదని చూపించాయి. మరుసటి ఏడాదే బుష్, లాహ్తి, వెర్నర్ కలిసి, కలతని ఇంకోలా నిర్వచిస్తే హైసెన్‌బర్గ్ రూపం నిలబడుతుందని రుజువు చేశారు. ఈ గొడవలో ఎవరు గెలిచినా కెనార్డ్ సూత్రానికి గీత కూడా పడదు, ఎందుకంటే ఆ ప్రయోగాలు పరీక్షించింది దాన్ని కాదు. అది పట్టించుకోకుండా 'హైసెన్‌బర్గ్ తప్పు' అనే తరహాలో హడావిడి చేసినవాళ్లు రెండు సంబంధాల్నీ ఒకటిగా కలిపేశారు.

నన్ను అడిగితే, ఈ గందరగోళంలో సగం పాపం పేరుదే. హైసెన్‌బర్గ్ జర్మన్‌లో ఎక్కువగా వాడిన మాటలకి 'కచ్చితత్వం లేకపోవడం', 'నిర్ధారితం కాకపోవడం' అనే అర్థాలొస్తాయి. ఇంగ్లీషులో 'అన్‌సర్టెన్టీ' స్థిరపడింది, మనం దాన్ని 'అనిశ్చితత్వం' చేసుకున్నాం. నిశ్చయం అనేది మనిషికి ఉండేదో లేకపోయేదో. ఆ మాట వినగానే, ఎలక్ట్రాన్ దగ్గర రెండు అంకెలూ భద్రంగా ఉన్నాయి, చూడడం మనకే చేతకావడం లేదు అనిపిస్తుంది. ఒక ఎలక్ట్రాన్ దగ్గర 'నిజంగా' ఏముందన్న దాని మీద భౌతికశాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు, స్థానం ఎప్పుడూ ఉంటుందనే వ్యాఖ్యానం కూడా ఉంది. కానీ ఏ వ్యాఖ్యానం పట్టుకున్నా ఆ రెండు గుంపుల అంకెలు మాత్రం అవే వస్తాయి, నియమం మాట్లాడేది వాటి గురించే. ఈ పేరు పుణ్యమా అని సర్వేల్లో జనం అబద్ధం చెప్పినా, కెమెరా చూసి మనిషి సర్దుకుని కూర్చున్నా 'హైసెన్‌బర్గ్ ఎప్పుడో చెప్పాడు కదా' అనడం అలవాటైపోయింది. గమనిస్తున్నారని తెలిసి మనుషులు మారతారు, నిజమే, దానికి ħ అక్కర్లేదు.

ఇంతకీ ఆ మైక్రోస్కోప్ కథ తన సొంత గడ్డ మీదైనా నిలబడుతుందా అంటే, అదీ లేదు. కాంతి తగిలి ఎలక్ట్రాన్ ఎగిరింది, ఒప్పుకుందాం. ఎంత ఎగిరిందో తెలిస్తే తీసివేత చేసుకోవచ్చుగా? ఫోటాన్ ఏ దిశలో వచ్చిందో తెలుసు, ఏ దిశలో పోయిందో కూడా తెలిస్తే, ఎలక్ట్రాన్‌కి ఎంత అందిందో లెక్క కట్టేయొచ్చు. కాబట్టి దెబ్బ తగలడం ఒక్కటే చాలదు, ఆ దెబ్బ ఎంతో తెలియకుండా పోవాలి. ఎందుకు తెలియదంటే, కటకానికి వెడల్పు ఉంది, ఫోటాన్ అందులో ఏ భాగం గుండా పోయిందో చెప్పలేం. కటకాన్ని చిన్నది చేస్తే దిశ తెలుస్తుంది, కానీ బొమ్మ మసకబారి స్థానం పోతుంది. పెద్దది చేస్తే బొమ్మ తేరుకుంటుంది, దిశ పోతుంది. రెండు అస్పష్టతల్నీ గుణిస్తే ఎప్పుడూ h దగ్గరే తేలుతుంది, ఎందుకంటే కాంతీ అలే. అంటే ఎలక్ట్రాన్‌కి వివరణ ఇవ్వబోయి, అదే నియమాన్ని ముందుగా ఫోటాన్ దగ్గర అప్పు తెచ్చుకున్నాం.

ఈ లోపాన్ని పట్టుకున్నది బోర్, అదీ 1927లోనే, వ్యాసం అచ్చుకి వెళ్తున్న సమయంలో. హైసెన్‌బర్గ్‌కి ఇది పాత గాయం కూడా. 1923లో మ్యూనిక్‌లో డాక్టరేట్ మౌఖిక పరీక్షలో ప్రొఫెసర్ వీన్ మైక్రోస్కోప్ విభేదన సామర్థ్యం గురించి, అంటే అది ఎంత దగ్గరి చుక్కల్ని విడివిడిగా చూపగలదో అడిగితే జవాబు చెప్పలేకపోయాడు, అత్తెసరు గ్రేడుతో బయటపడ్డాడు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే కటకం దగ్గర దొరికిపోయాడు. బోర్‌తో గట్టి వాదనే జరిగింది, చివరికి ఒప్పుకుని, ప్రూఫులు దిద్దేటప్పుడు వ్యాసం చివర ఆ సవరణ చేర్చాడు. మన క్లాసుల్లో చెప్పే కథ ఆ వ్యాసం ముందు పేజీల్లోంచి వచ్చింది. చివరి పేజీ దాకా ఎవరూ తిప్పినట్టు లేదు.