ఏడు చేపల కథకు మెదడు మొద్దుబారుతుందట!

"ఒకే కథ మళ్ళీ మళ్ళీ చెబితే పిల్లల మెదడు మొద్దుబారుతుంది. బదులుగా రోజుకు పది కొత్త మాటలు అర్థాలతో బట్టీ పట్టించండి. మాట్లాడే జంతువుల కథలు అబద్ధాలు నేర్పుతాయి. ఓపిక లేకపోతే ఆడియో పెట్టండి, రెండూ ఒకటే. పదిమందికి పంపండి."

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. నా మెదడు సంగతేమో గానీ, వేలికి మాత్రం డిలీట్ కొట్టడం బాగా వచ్చేసింది.

ఆడియో ముచ్చట ముందు తేల్చేద్దాం. పిల్ల ఊ కొట్టడం ఆపేసినా అది చెప్పుకుంటూ పోతుంది. రెండూ ఒకటే ఎలా అవుతాయి?

అసలు చెడ్డది ఆ మొదటి మాట. ఏడు చేపల కథ చూడండి. చేప ఎండలేదు, గడ్డిమేటు అడ్డొచ్చింది. మేటు ఎందుకు అడ్డొచ్చింది? ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదు? పాలేరు మేపలేదు. ప్రతి జవాబులోంచీ తర్వాతి ప్రశ్న పుడుతుంది కాబట్టి పిల్ల ఆ గొలుసు పట్టుకుని చీమ దాకా వెళ్ళిపోతుంది. పది విడి మాటలకు ఆ పట్టు ఎక్కడిది? పైగా ఆవు 'మేయలేదు', పాలేరు 'మేపలేదు'. తాను చేయడానికీ చేయించడానికీ మధ్య తేడాను ఏ వ్యాకరణం పేరూ ఎత్తకుండా పట్టేస్తుంది.

కానీ ఒక్కసారి వింటే ఇదంతా పట్టుబడదు. మొదట ఏం జరిగిందో తెలుసుకోవడంతోనే సరిపోతుంది, మాటల మీదికి చూపు తర్వాత పోతుంది. మూడేళ్ళ పిల్లల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో కొత్త మాటలు అందరికీ సమానసార్లే వినిపించారు. వేర్వేరు కథల్లో విన్నవాళ్ళ కంటే ఒకే కథ మళ్ళీ మళ్ళీ విన్నవాళ్ళకే అవి బాగా వచ్చాయి. మొద్దుబారడం అంటే ఇదేనేమో!

బట్టీ పట్టిందా, అర్థమైందా అని అనుమానమా? మధ్యలోంచి అడగండి: "పాలేరు ఎందుకు మేపలేదు?" అవ్వ బువ్వ పెట్టలేదని చెబితే సరే. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితేనే చెప్పగలిగితే ఇంకా పాటలాగే గుర్తుందన్నమాట. ఆవు దగ్గర్నుంచి అవ్వ దగ్గరికి దూకేస్తే తప్పని చెప్పకండి. "మరి ఆవును తోలుకెళ్ళేదెవరు?" అంటే చాలు, తానే వెనక్కొస్తుంది.

జంతువులు అబద్ధాలు నేర్పుతాయట. చీమ మాట్లాడదని పిల్లలకు తెలీదనుకునేది పెద్దవాళ్ళే.

అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కథ చెబితే నీతి దానంతటదే వంటబడుతుందని నేనూ అనుకునేదాన్ని. 2014లో మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగంలో, మన 'నాన్నా పులి' లాంటి తోడేలు కథ విన్నా అబద్ధాలు తగ్గలేదు. చెట్టు నరికానని ఒప్పుకున్న కొడుకును తండ్రి మెచ్చుకునే కథ విన్నవాళ్ళే ఎక్కువగా నిజం చెప్పారు. కాబట్టి పులి తినేస్తుందని భయపెట్టే కథను నిజాయితీ పాఠంగా వాడటం నేనూ మానేశాను. ఏడు చేపల జోలికి మాత్రం రాకండి.