అప్పడానికి రాశిఫలం చెప్పించుకున్నాం

బరంపురంలో మా పెదనాన్నగారి అబ్బాయికి అప్పడాల వ్యాపారం. వాళ్ల గోడౌన్‌లో ఇప్పటికీ రెండు గోతాల నిండా కొత్త కవర్లు మూలుగుతున్నాయి. క్రీమ్ రంగు మీద చీరకట్టులో నవ్వుతున్న ఒక అమ్మ బొమ్మ. చూడ్డానికి బాగానే ఉంటుంది, అసలు గొడవే అది. ఇరవై ఏళ్లుగా నడిచిన ఎర్ర కవరు, దాని మధ్య పసుపు దీపం తీసేసి ఈ అమ్మను ఎందుకు పెట్టారంటే, ఒక కన్సల్టెంట్ వచ్చి బల్ల మీద పన్నెండు కార్డులు పరిచి "మీ బ్రాండ్ ఆర్కిటైప్ ఏది?" అని అడిగాడు, అంటే మీ బ్రాండే ఒక మనిషైతే ఏ తరహా మనిషి అని. అన్నయ్య ‘కేర్‌గివర్’ కార్డు తీశాడు, అంటే కడుపు చూసి అన్నం పెట్టే మనిషి. అప్పడాలవాడు ఇంకేం తీస్తాడు?

ఈ పన్నెండు ఎక్కడివో చాలామందికి తెలిసిందే. అమెరికా రచయిత్రి కెరోల్ పియర్సన్ మొదట మనుషుల ఎదుగుదల గురించి రాస్తూ ఈ మూర్తుల్ని వాడింది. తర్వాత మార్గరెట్ మార్క్‌తో కలిసి 2001లో వాటినే బ్రాండ్లకు తొడిగింది. వీరుడు, జ్ఞాని, మాంత్రికుడు, తిరుగుబాటుదారు, విదూషకుడు, పాలకుడు ఇలా పన్నెండు మంది, నాలుగు గుంపులు, గుంపుకు ముగ్గురు. వెనక స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ పేరు చెబుతారు గానీ ఆయన ఎప్పుడూ పన్నెండు అని లెక్కగట్టి పట్టిక ఇవ్వలేదు. మనకు మాత్రం పన్నెండు అనగానే నమ్మకం కుదురుతుంది, రాశులు కూడా పన్నెండే కదా.

రాశుల మాట ఊరికే ఎత్తలేదు. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా ఇస్తున్నట్టు నటించి, అందరి చేతిలో ఒకే కాగితం పెట్టాడు. అందులో వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. మీకు ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. వర్క్‌షాపులో జరిగేదీ సరిగ్గా ఇదే. "మీరు లాభం కన్నా ముందు మనుషుల్ని చూస్తారు, మీ సాయాన్ని కొందరు అలుసుగా తీసుకుంటారు" అని చదివితే మా అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే కాగితం పక్క వీధి పచ్చళ్లాయన ముందు చదివినా తిరుగుతాయి. ఓనరు కదిలిపోయాడంటే కార్డు సరైనదని కాదు, అది ఎవరికైనా అతుకుతుందని.

ఈ పద్ధతి వల్ల అసలే లాభం లేదని అనను. ప్రకటన రాసేవాడు, బొమ్మ గీసేవాడు, ఫోన్ ఎత్తేవాడు తలో రకంగా మాట్లాడే కంపెనీలో "మనం జ్ఞానిలా మాట్లాడాలి, విదూషకుడిలా కాదు" అని ఒక్క మాట అనుకుంటే గొంతు కుదురుతుంది. హార్లీ డేవిడ్‌సన్ తిరుగుబాటుదారు, నైకీ వీరుడు అని ఉదాహరణలు చూపిస్తారు, అవీ అబద్ధం కాదు. కానీ హార్లీకి ఆ పేరు కార్డు తీస్తే రాలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ బళ్లెక్కి తిరిగిన మోటార్‌సైకిల్ ముఠాల వల్ల వచ్చింది. పెళ్లయ్యాక జాతకాలు కలిశాయని చెప్పడం ఏ పంతులుకైనా తేలికే.

ఇక అసలు సంగతికి వస్తాను. కార్డు ఎంచుకునేటప్పుడు అడిగేది "మనం ఎవరం?" అని. కొట్టు ముందు నిలబడ్డ మనిషికి ఆ ప్రశ్నతో పనిలేదు. ఆయనకు కావలసింది "మొన్న కొన్నది ఏది?" అని గుర్తుపట్టడం. బరంపురం, ఇచ్ఛాపురం లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం. ఇటు ఒడియా అక్షరాలు, అటు తెలుగు అక్షరాలు, పైన ఇంగ్లీషు. మూడూ చదవగలిగేవాళ్లు కొందరే, ఏదీ చదవనివాళ్లూ ఉన్నారు. ఇక్కడ "పాంపడ" అని అడిగినా "అప్పడాలు" అని అడిగినా తర్వాతి మాట ఒకటే: ఎర్రది ఇవ్వు. ఆ ఎరుపు, ఆ దీపమే మా అన్నయ్య ఇరవై ఏళ్ల పెట్టుబడి. ఆ రెండూ తీసేశాక లోపల పిండి అదే, మిరియం అదే, కొనేవాడికి మాత్రం సరుకు కొత్తది. కొట్టువాళ్లు "పాతది రావట్లేదు భాయి" అనేసి పక్క కంపెనీ ప్యాకెట్ చేతిలో పెట్టారు.

కేర్‌గివర్ కార్డుతో ఇంకో చిక్కుంది. తిండి సరుకు అమ్మే ప్రతివాడూ తీసేది అదే. ఏ కిరాణా కొట్టులోనైనా అప్పడాలు, పచ్చళ్లు, మసాలాలు ఉన్న అర ముందు నిలబడి చూడండి, ఎంతమంది అమ్మలు, ఎంతమంది అమ్మమ్మలు నవ్వుతుంటారో. కార్డు మీ సరుకు గుణం చెబుతున్నానని నమ్మించి, ఆ రంగంలో అందరికీ ఉన్న గుణమే చెబుతుంది. వేరుగా కనపడాలని వెళ్లినవాడు గుంపులో కలిసి బయటికొస్తాడు.

దీన్ని తేల్చుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లోని ఎరెన్‌బర్గ్ బాస్ అనే మార్కెటింగ్ పరిశోధన సంస్థలో బైరన్ షార్ప్, జెనీ రోమానియుక్ లాంటివాళ్లు చాలాకాలంగా చెబుతున్నదే. పేరు కనపడకుండా మూసి, రంగో బొమ్మో మాత్రం చూపించి "ఇది ఎవరిది?" అని అడగాలి. రెండు చూడాలి: ఎంతమంది మీ పేరు చెప్పారు, ఎంతమంది వేరేవాళ్ల పేరు చెప్పారు. అమ్మకాలు పడ్డాక నేనూ వదినా మూడు కొట్ల దగ్గర కూర్చుని ఇరవై మందిని అడిగాం. ఎర్ర కాగితం మీద దీపం చూపిస్తే పదిహేడుమంది మా పేరు చెప్పారు, ఒకరు వేరే పేరు, ఇద్దరు తెలీదన్నారు. అమ్మ బొమ్మ చూపిస్తే పదిహేనుమంది ఏదో ఒక పేరు చెప్పారు, అందులో మాది నాలుగే. ఎర్ర కవరుకు ఇరవై ఏళ్ల అలవాటుంది కదా అంటారేమో. నిజమే, ఆ అలవాటునే కదా చెత్తబుట్టలో వేశాం. పైగా అమ్మను చూసి తెలీదన్నవాళ్లు ఐదుగురే, మిగతా పదకొండు మంది పోటీవాళ్ల పేరు చెప్పారు. తెలియకపోతే కాలం గడిస్తే తెలుస్తుంది. ఇక్కడ మన డబ్బుతో అచ్చేసిన కవరు పక్కవాడిని గుర్తు చేస్తోంది. ఇరవై మంది చిన్న లెక్కే, కానీ కవర్లు అచ్చుకిచ్చే ముందు ఆ చిన్న లెక్కైనా ఎవరూ వేయలేదు.

కార్డు వాడాలనుకుంటే వాడుకోండి, కానీ గుర్తుపట్టే ఆనవాళ్లకు చెయ్యి తగలకుండా, మాట తీరు వరకే. మా అన్నయ్య వాట్సాప్‌లో డీలర్లకు ఎలా రాయాలి, పాడైన ప్యాకెట్ వెనక్కి వస్తే ఏం చెప్పాలి అన్నదాకా కేర్‌గివర్ పనికొచ్చేవాడే. ప్యాకెట్ మీదికి ఎక్కించినప్పుడే చెడింది.

నాకు ఈ కార్డులంటే పడకపోవడానికి సొంత కారణం కూడా ఉందేమో. మా గంజాం వాళ్లకు "ఒక్కటి ఎంచుకో" అనే మాట కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బరంపురం ఇటు వచ్చినప్పటి నుంచీ అదే వింటున్నాం. జనగణనలో మాతృభాష గడి ఒక్కటే, తెలిసిన ఇతర భాషలకు రెండు. మా నానమ్మ దేవుడితో తెలుగులో మాట్లాడేది, కూరగాయలు ఒడియాలో బేరమాడేది, డబ్బులు మాత్రం ఏ భాషలో లెక్కపెట్టేదో మాకెవరికీ తెలీదు. ఆమెను ఒక కార్డు తీయమంటే ఆ కార్డులు ఎంత పెట్టి కొన్నారని అడిగి ఉండేది.

ఎర్ర కవరు తిరిగి అచ్చుకి వెళ్లింది. దీపం మాత్రం ఈసారి కొంచెం పెద్దది చేశారు. అమ్మ బొమ్మ కవర్లను వదిన తిరగేసి వడియాలు ఎండబెట్టడానికి పరుస్తోంది.