తల మీద జీలకర్ర, చెవిలో బెల్లం

సినిమాలు చూసిన వాళ్లంతా ముహూర్తమంటే తాళి కట్టే క్షణమనుకుంటారు. కాదు. మన పెళ్లిళ్లలో శుభలేఖ మీద అచ్చేసే ఘడియ జీలకర్ర బెల్లానిది. తాళి ఆ తర్వాత నిదానంగా పడుతుంది. కనుక నా జన్మలో ఏదైనా దివ్యానుభూతి కలగాలంటే అది మే నెలలో, గుంటూరు బ్రాడీపేటలో, రాత్రి 1 గంట 48 నిమిషాలకు కలిగి తీరాలి. నేను దానికి సిద్ధమయ్యే బెజవాడ నుంచి బయల్దేరాను.

"తెర తీయగానే ఒళ్లు జలదరిస్తుందిరా, లోకం కనపడదు" అని మా బాబాయి ముందే చెప్పాడు. ఆయన పెళ్లి డిసెంబర్లో అయింది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

దీపాలు ఆరిపోతాయని మండపంలో ఫ్యాన్లు ఆపేశారు. వీడియో లైట్లు మాత్రం ఆపలేదు. పొద్దుటినుంచి ఉపవాసం. మధ్యలో తెర, తెరకు అటు ఆవిడ, ఇటు నేను. తమలపాకులో నూరిన ముద్ద పెట్టి, పంతులుగారు మా చేతులు పట్టి ఒకరి నడినెత్తిన ఒకరికి ఆనించారు. వేడికి బెల్లం ఎలా కరుగుతుందో నాకప్పుడు తెలిసింది. ముందు బాసికం దాకా వచ్చి కాసేపు ఆగింది, తర్వాత దారి చూసుకుని ఎడమ చెవిలోకి దిగింది. తుడుచుకుందామంటే ఒక చెయ్యి ఆవిడ తల మీద, రెండో చేతిలో కొబ్బరిబొండం. దివ్యానుభూతి ఏమోగానీ దురద మాత్రం సంపూర్ణంగా అనుభవించాను.

తెర తీశారు. బాజాలు ఒక్కసారిగా హోరెత్తాయి. ఎదురుగా ఆవిడ ముఖం. లోకం కనపడకపోవడం నిజమే, నాలుగు కెమెరాలు అడ్డం ఉన్నాయి కదా. ఆవిడ పెదవులు కదిలాయి. జన్మజన్మల మాటేదో అంటోందని ముందుకు వంగాను.

"మీ చెయ్యి చాలా బరువుగా ఉందండీ, కాస్త ఎత్తండి."

ఎత్తాను. ముద్ద జారి ఆవిడ భుజం మీద పడింది. "చెయ్యి తీయకూడదు బాబూ!" అని పంతులుగారు కేకేశారు. ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక, తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నాకూ వచ్చింది. వారం రోజులుగా కడుపులో ఉన్న టెన్షన్ ఎక్కడికి పోయిందో పోయింది. జలదరింపు ఏ కోశానా లేదు. పరీక్ష హాల్లో పక్క బెంచీవాడికీ జవాబు రాదని తెలిసినప్పుడు కలిగే నిశ్చింత లాంటిది కలిగింది. దీని గురించి బాబాయి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ నవ్వు ఫొటోలో పడలేదు. సరిగ్గా అప్పుడే వెనక వరసలోంచి, భోజనాల హాలుకు పోయే తొందరలో ఎవరో బలంగా విసిరిన అక్షింతలు నా కంట్లో పడ్డాయి. పసుపు మండి నీళ్లు కారాయి. ఫొటోగ్రాఫర్ దాన్ని మాత్రం వదల్లేదు.

ఆ ఫొటో ఇప్పుడు మా అత్తగారింటి హాల్లో పటం కట్టి ఉంది. వచ్చినవాళ్లందరికీ అత్తగారు అల్లుడుగారి ఆనందబాష్పాలు చూపిస్తుంటారు. మేమిద్దరం కాదనం.