నోటీసు పీరియడ్‌లో సెలవుల లెక్క: ఒకే రోజుకు రెండు ధరలు

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో కొత్తగా చేరేవారు ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసి సంతకం పెడతారు. నోటీసు పీరియడ్ అరవై రోజులా, తొంభై రోజులా అన్నది కూడా గుర్తుంచుకుంటారు. మిగిలిన సెలవులను అందులో సర్దుతారా లేదా అన్న వాక్యం మీద మాత్రం చూపు నిలవదు. ఉద్యోగం మానే రోజున డబ్బు చేతికి వస్తుందా, చేతి నుంచి పోతుందా అన్నది చాలాసార్లు ఆ వాక్యమే తేలుస్తుంది.

తెలంగాణలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసిన ఉద్యోగిని యాజమాన్యం తీసేయాలంటే నెల నోటీసు గానీ, బదులుగా నెల జీతం గానీ ఇవ్వాలి. ఉద్యోగి తానుగా మానేటప్పుడు ఉండాల్సిన అరవై, తొంభై రోజులు మాత్రం నియామక పత్రంలో ఒప్పుకున్న షరతు. సెలవుల సర్దుబాటు కూడా అంతే, కంపెనీ నిబంధనల్లో ఏముంటే అదే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకామె నెల జీతం 60,000, అందులో బేసిక్ 30,000. నోటీసు 60 రోజులు, ఖాతాలో 12 ఎర్న్‌డ్ లీవులు. ఆమె 2026 మార్చి 3న రాజీనామా మెయిల్ పంపింది. మర్నాటి నుంచి లెక్కపెడితే మార్చిలో 28, ఏప్రిల్‌లో 30, మేలో 2, మొత్తం 60. అంటే చివరి రోజు మే 2. ఆదివారాలు, పండుగలు కూడా నోటీసులో కలిసిపోతాయి. కొన్ని చోట్ల మేనేజరు ఆమోదించిన తేదీ నుంచి లెక్క మొదలుపెడతారు. ఆయన వారం ఆలస్యం చేస్తే ఆ వారం ఈమె మీద పడుతుంది. అందుకే మెయిల్‌లోనే కోరుకున్న చివరి తేదీ రాసి, దాని కాపీ దగ్గర ఉంచుకోవాలి.

కొత్త కంపెనీ ఏప్రిల్ 20, సోమవారం చేరమంది. ఏప్రిల్ 17 వరకు పనిచేస్తే 45 రోజులు పూర్తవుతాయి, 15 రోజులు తగ్గుతాయి. ఇక్కడే దారులు వేరవుతాయి.

సర్దుబాటు లేని కంపెనీ 15 రోజులకు మొత్తం జీతం మీద, రోజుకు 2,000 చొప్పున 30,000 కోస్తుంది. 12 సెలవులకు మాత్రం బేసిక్ మీద, రోజుకు 1,000 చొప్పున 12,000 ఇస్తుంది. నికరంగా 18,000 నష్టం. సర్దుబాటు ఉంటే 15లో 12 పోయి మూడు రోజులే మిగులుతాయి, కోత 6,000. ఉద్యోగి బాకీ పడితే రోజు ఖరీదు రెండు వేలు, కంపెనీ బాకీ పడితే వెయ్యి! ఇది ఎంత చలామణిలో ఉన్నా న్యాయమైన పద్ధతి అనిపించుకోదు.

ఇంకో మెలిక ఉంది. నోటీసు క్యాలెండర్ రోజుల్లో, సెలవు పనిదినాల్లో లెక్కిస్తారు. తగ్గిన 15 రోజుల్లో శని, ఆదివారాలు తీసేస్తే పనిదినాలు పదే, మే 1 సెలవైతే తొమ్మిదే. శని, ఆదివారాలు సెలవుగా ఉన్న ఆఫీసులో సెలవును పనిదినానికే కోస్తే ఆమె 12 సెలవులు ఆ ఖాళీని పూర్తిగా నింపి, మరో రెండు మూడు మిగులుతాయి. రూపాయి కట్టనక్కరలేదు. కంపెనీ ఏ పద్ధతి పాటిస్తుందో రాజీనామాకు ముందే హెచ్‌ఆర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. మేనేజరు కారిడార్‌లో చెప్పిన ‘సరే’ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో చెల్లదు.

పోర్టల్‌లో కనిపించే 12 నిజంగా పన్నెండేనా అన్నదీ చూడాలి. చాలా కంపెనీలు ఏడాది సెలవులు జనవరిలోనే ముందుగా వేస్తాయి. ఏప్రిల్‌లో వెళ్లిపోతే పనిచేసిన నెలలకు తగ్గవే నిలుస్తాయి, మిగతావి వెనక్కి తీసుకుంటారు. క్యాజువల్, సిక్ లీవులు సాధారణంగా సర్దుబాటుకు రావు. నోటీసులో ఉండగా సెలవు పెడితే చాలా చోట్ల అన్ని రోజులూ చివరి తేదీ జరుగుతుంది. దాన్ని సర్దుబాటు అనుకుని ఊరికి వెళ్లినవారు తిరిగి వచ్చాక గొడవ పడుతుంటారు.

సర్దుబాటు ఒప్పుకున్నాక కూడా తేదీ విషయం తేల్చుకోవాలి. ఏప్రిల్ 17నే రిలీవ్ చేస్తారా, లేక సెలవులో ఉన్నట్టు చూపి మే 2 వరకు జాబితాలో ఉంచుతారా? రెండోదైతే ఏప్రిల్ 20 నుంచి ఆమె రెండు కంపెనీల్లో పనిచేసినట్టు పీఎఫ్ రికార్డులో కనిపించవచ్చు. తర్వాతి ఉద్యోగంలో నేపథ్య పరిశీలన చేసేవారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. రిలీవింగ్ లెటర్‌లో తేదీ, పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వదిలిన తేదీ ఒకటేనా అని సరిచూసుకుని, తేడా ఉంటే సెటిల్‌మెంట్ డబ్బు పడకముందే హెచ్‌ఆర్‌తో దిద్దించుకోవాలి.