డెక్కు మీదికి ఎక్కించుకున్నాక: సముద్రంలో ఆపిన మనుషుల్ని ఎక్కడికి పంపవచ్చు?

హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఒక వాదన వినబడుతుంది. 1951 శరణార్థుల ఒడంబడికలో భారత్ చేరలేదు కాబట్టి వాళ్లను తిప్పి పంపడానికి చట్టం అడ్డురాదని. ఊళ్లో ఉన్నవాళ్ల విషయంలోనే ఈ మాట సగం నిజం. ఇంకా ఏ దేశపు నేల మీదా కాలు పెట్టని, నడిసంద్రంలో పడవలో ఉన్న మనిషి సంగతైతే మరింత చిక్కు. అతన్ని ఆపిన ఓడ ఏ చట్టానికి కట్టుబడాలి?

ఆ ఒడంబడిక 33వ అధికరణం చెప్పేది ఇది: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, వీటిలో దేనివల్లనైనా ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని ఏ రూపంలోనూ తిప్పి పంపకూడదు. దీన్నే నాన్-రిఫౌల్‌మెంట్ అంటారు. ఇది దేశంలోకి రానిచ్చే హక్కు కాదు. ముప్పు లేని మరో దేశం తీసుకుంటే అక్కడికి పంపవచ్చు. అలాంటి దేశం ఏదీ దొరకనప్పుడు మాత్రం, కనీసం తాత్కాలికంగానైనా, తమ రేవులో దింపుకోక తప్పదు. ప్రభుత్వాల పేచీ అంతా ఈ చివరి మాట దగ్గరే.

ఈ నియమం సముద్రం మీద వర్తించదని 1993 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో తేల్చింది. హైతీ నుంచి పడవల్లో వస్తున్నవాళ్లను అమెరికా కోస్ట్ గార్డ్ దారిలోనే పట్టుకుని, ఎవరి కథా వినకుండా వెనక్కి దింపేస్తున్న రోజులవి. కోర్టు 33వ అధికరణం రెండో భాగాన్ని పట్టుకుంది. ఒక శరణార్థి ‘తానున్న దేశానికి’ ప్రమాదకారి అయితే అతనికి ఈ రక్షణ ఉండదని అందులో ఉంది. సముద్రంలో ఉన్నవాడు ఏ దేశంలోనూ లేడు, కాబట్టి మొదటి భాగం కూడా దేశం లోపలివాళ్లకేనని కోర్టు అనుకుంది. ఈ తర్కం తప్పని నా అభిప్రాయం. మినహాయింపు ఎక్కడ పనిచేస్తుందో చెప్పే మాటను తెచ్చి అసలు నిషేధానికి హద్దుగా గీయడం ఏ చట్టాన్నీ చదివే పద్ధతి కాదు. విభేదించిన ఏకైక న్యాయమూర్తి బ్లాక్‌మన్ వాదన కూడా సూటిగానే ఉంది: తిప్పి పంపడమంటే తిప్పి పంపడమే.

దీనికి బదులు 2012 ఫిబ్రవరి 23న యూరప్ మానవ హక్కుల కోర్టు నుంచి, ఇటలీపై వేసిన హిర్సీ కేసులో వచ్చింది. ఆ కేసు వివరాలు తెలిస్తే నియమం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. 2009 మే 6న ఇటలీకి చెందిన లాంపెదూసా ద్వీపానికి దక్షిణంగా 35 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే సుమారు 65 కిలోమీటర్ల అవతల, లిబియా నుంచి వచ్చిన మూడు పడవల్ని ఇటలీ గస్తీ ఓడలు అడ్డగించాయి. వాటిలో సుమారు 200 మంది ఉన్నారు. వాళ్లను ఇటలీ సైనిక ఓడల్లోకి ఎక్కించుకుని, కాగితాలు, సామాన్లు తీసేసుకున్నారు. ఎక్కడికి తీసుకెళ్తున్నదీ చెప్పలేదు. పది గంటల ప్రయాణం తర్వాత ట్రిపోలీ రేవులో లిబియా అధికారులకు అప్పగించారు. కోర్టుకెక్కిన 24 మందిలో 11 మంది సోమాలియావాళ్లు, 13 మంది ఎరిత్రియావాళ్లు.

ఇది అంతర్జాతీయ జలాల్లో చేసిన రక్షణ చర్య, అక్కడ మాకు అధికార పరిధి లేదు అని ఇటలీ వాదించింది. కోర్టు పడవ ఉన్న చోటును చూడలేదు, మనుషులు ఎవరి చేతుల్లో ఉన్నారో చూసింది. ఎక్కించుకున్న క్షణం నుంచి అప్పగించే దాకా ఓడ ఇటలీది, సిబ్బంది ఇటలీవాళ్లు, ఆజ్ఞలు ఇటలీవి. పైగా నడిసంద్రంలో ఇటలీ జెండా ఉన్న ఓడ ఇటలీ భూభాగమేనని ఆ దేశపు నౌకాయాన చట్టమే చెబుతోంది. వాళ్లెవరూ ఆశ్రయం అడగలేదన్న ఇటలీ మాటా నిలవలేదు. లిబియాలో వలసదారుల పరిస్థితి ఏమిటో అప్పటికే నివేదికల్లో ఉంది. అది తెలిసినప్పుడు, అడిగినా అడగకపోయినా, దింపితే ఏమవుతుందో చూసుకోవాల్సింది ఓడ నడిపే ప్రభుత్వమే. ఒక్కొక్కరినీ విడిగా విచారించలేదు. ఓడలో దుబాసీ లేడు, న్యాయ సలహాదారు లేడు, ఇంటర్వ్యూ చేసే శిక్షణ ఉన్నవారూ లేరు. అందుకే సామూహిక బహిష్కరణ జరిగిందని కూడా కోర్టు తేల్చింది. ఆ 24 మందిలో 14 మందికి ఆ తర్వాతి నెలల్లోనే ట్రిపోలీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయం శరణార్థి హోదా ఇచ్చింది. డెక్కు మీద ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బయటపడే సంగతి అది.

ఈ తీర్పు నుంచి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం వేరు. ఎక్కించుకుంటే బాధ్యత వస్తుందంటే, ఎక్కించుకోకుండా ఉండటం నేర్చుకున్నాయి. 2017 నవంబర్ 6న ఒక పడవ ఆపదలో ఉందన్న సమాచారం రోమ్‌లోని సముద్ర రక్షణ కేంద్రానికి అందింది. అక్కడికి వచ్చిన ఓడల్లో ఇటలీయే లిబియాకు ఇచ్చిన గస్తీ ఓడ ఒకటి. అది కొందరిని వెనక్కి లిబియాకు తీసుకుపోయింది. ఆ కేసును అదే కోర్టు 2025 జూన్‌లో వెలువడిన నిర్ణయంలో విచారణకే స్వీకరించలేదు. కబురు రోమ్ నుంచి వెళ్లినా, లిబియా సిబ్బంది మీద గానీ ఆ మనుషుల మీద గానీ ఇటలీకి పట్టు లేదన్నది.

మన సముద్రంలోనూ ఈ సందు కనబడింది. 2021 ఫిబ్రవరి 11న బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి 90 మంది రోహింగ్యాలతో బయల్దేరిన పడవ ఇంజిన్ నాలుగు రోజులకే ఆగిపోయింది. భారత కోస్ట్ గార్డ్ అండమాన్ సముద్రంలో దాన్ని కనిపెట్టేసరికి 8 మంది చనిపోయి ఉన్నారు. బతికున్నవాళ్లకు తిండి, నీళ్లు, మందులు అందించారు. అది మెచ్చుకోదగ్గ పని. ఒడ్డుకు మాత్రం తేలేదు. వాళ్లను తీసుకోమని బంగ్లాదేశ్‌ను భారత్ అడిగింది, బంగ్లాదేశ్ కాదంది. బంగ్లాదేశ్‌కు అప్పగించినంత మాత్రాన నియమం తప్పినట్టు కాదు, అక్కడ వాళ్లకు మయన్మార్‌లోలాంటి ముప్పు లేదు కనుక. కానీ ఎవరూ తీసుకోనప్పుడు, సముద్ర రక్షణ ఒప్పందం ప్రకారం రక్షణ పూర్తయ్యేది సురక్షితమైన చోట దింపినప్పుడే. భారత్ ఆ ఒప్పందంలో ఉంది. చివరికి 81 మంది జూన్ 4న, బయల్దేరిన 113 రోజులకు, ఇండోనేసియాలోని ఆచే తీరంలో ఒక ద్వీపం చేరారు.

మనదేశంలో ఏ చట్టం అక్కరకొస్తుంది? 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం విదేశీయులకూ వర్తిస్తుందంటూనే, బహిష్కరణకు గురికాకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కుతో ముడిపడిందని చెప్పి, పద్ధతి ప్రకారం పంపవచ్చంది. అయితే రాజ్యాంగం 12వ అధికరణంలో ‘రాజ్యం’ అంటే దేశం లోపలి సంస్థలే కాదు, భారత ప్రభుత్వ అదుపులో ఉన్న సంస్థలు కూడా. నేవీ ఓడ ఎంత దూరంలో ఉన్నా ఆ అదుపులోనే ఉంటుంది. కాబట్టి ఓడ డెక్కు మీద కూడా 21వ అధికరణం ఉంటుందన్న వాదనకు బలముంది. 1979లో భారత్ చేరిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 7వ అధికరణాన్ని, హింస ఎదురయ్యే చోటికి పంపకూడదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అన్వయిస్తోంది. అందుకే 1951 ఒడంబడికలో లేమన్నది పూర్తి జవాబు కాదు.

ఇలాంటి కేసుల్లో ఓటమి ఎక్కువగా రుజువు దగ్గరే. రోహింగ్యాలను ఢిల్లీ నుంచి తీసుకెళ్లి నేవీ ఓడ నుంచి అండమాన్ సముద్రంలోకి దింపారన్న ఆరోపణ మీద 2025 మేలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ మొదలుపెట్టారు. అదే నెలలో మన సుప్రీంకోర్టు ఆధారాలేవని ప్రశ్నించి, మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. సముద్రంలో సాక్షులుండరు. అందుకే లాయర్లూ విలేకరులూ మొదట అడగాల్సినవి ఓడ లాగ్ బుక్, ఆపిన చోటు అక్షాంశ రేఖాంశాలు, సమయం, మనుషుల్ని ఓడ మార్చారా లేదా, పేర్ల జాబితా రాశారా, వాళ్ల భాష తెలిసినవారు ఎవరున్నారు, దింపమన్న ఆదేశం ఎవరిది అన్నవే. హిర్సీ కేసులో ఆ పని కొంత ఇటలీ ప్రభుత్వమే చేసిపెట్టింది. 2009 మే 6 నుంచి 10 మధ్య 471 మందికి పైగా సముద్రంలో అడ్డగించి లిబియాకు చేర్చామని ఆ దేశ హోంమంత్రి అదే నెల 25న సెనేట్‌లో స్వయంగా చెప్పారు.