సవరణ: ఫ్లోర్ కాంక్రీటులో ఫైబర్ మోతాదు

"ఘనపు మీటరు కాంక్రీటుకు 25 కిలోల ఫైబర్ వేయాలని రాశారు, మా ఒక బస్తా మిక్సర్‌లో ప్లాస్టిక్ ఫైబర్ కూడా అదే లెక్కన వేయాలా?"

వేయకూడదు. ఆ అంకె స్టీల్ ఫైబర్‌కు మాత్రమే వర్తిస్తుంది. స్టీల్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 7,850 కిలోలు, పాలీప్రొపిలీన్‌ది 910 కిలోలు కాబట్టి, 25 కిలోల స్టీల్ ఆక్రమించే చోటును 2.9 కిలోల ప్లాస్టిక్ నింపుతుంది. అయితే చోటు సమానమైనంత మాత్రాన బలం సమానం కాదు. పగులు వచ్చాక ఎంత బరువు మోయాలో డిజైనర్ చెప్పిన విలువను, కాంక్రీటు దూలాన్ని వంచి చూసే బీమ్ పరీక్షలో అందుకున్న మోతాదునే వాడాలి.

ప్లాస్టిక్‌కు అది ఘనపు మీటరుకు 4 కిలోలని తేలిందనుకుందాం. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు పడే మిశ్రమంలో 50 కిలోల బస్తాకు 0.143 ఘనపు మీటర్ల కాంక్రీటు వస్తుంది గనుక, బ్యాచ్‌కు ప్లాస్టిక్ 570 గ్రాములు, స్టీల్ అయితే దాదాపు 3.6 కిలోలు పడుతుంది. డ్రమ్ముపై రాసిన సామర్థ్యంతో లెక్కిస్తే తప్పుతుంది. గుప్పెళ్ల లెక్క సరేసరి.

స్టీల్ సరిగా కలిసిందో లేదో చూడాలంటే, 10 లీటర్ల పచ్చి కాంక్రీటును కడిగి అయస్కాంతంతో ఏరితే సుమారు 250 గ్రాములు రావాలి.